ఆ పేరా ఎక్కడిది?

తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించడంపై ఒక సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చాడనుకుందాం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే నల్గొండ పద్ధతిని వివరించిన పేజీల్లో మూలాల ప్రస్తావనే లేదు. రాతపూర్వకంగా వివరణ ఇమ్మని కాలేజీ కమిటీ నోటీసు పంపింది.

ఇలాంటప్పుడు చాలామంది మొదట పట్టుకునేది శాతాన్ని. పోలిక 10 శాతం దాటకపోతే శిక్ష లేదని యూజీసీ 2018 నిబంధనల్లో ఉంది కదా అంటారు. అయితే అవి థీసిస్‌లు, పరిశోధన పత్రాల వంటి వాటికి. ప్రాజెక్టు రిపోర్టులను, అసైన్‌మెంట్లను వాటి పరిధి నుంచి స్పష్టంగా తప్పించారు. ఇక్కడ చెల్లేది కాలేజీ సొంత నియమమే. కాబట్టి ముందు దాన్ని తెప్పించుకుని చదవాలి.

తర్వాత రిపోర్టును పేజీ పేజీకీ మూలాలతో సరిచూడాలి. అప్పుడు లోపాలన్నీ ఒక్క రకం కావని తేలుతుంది. మన విద్యార్థికి 9వ పేజీలో ఉన్న వ్యాసం పేరు చివరి జాబితాలో ఉంది, పేరా పక్కన నంబరు మాత్రం పడలేదు. 11వ పేజీలో వాడిన పుస్తకం జాబితాలోనే లేదు. 12వ పేజీలో నాలుగు వాక్యాలు మక్కీకి మక్కీ ఎత్తి రాసినవి. మొదటి రెండూ మూలం చెప్పకపోవడం. మూడోది వేరు, అక్కడ నంబరు పెట్టినా సరిపోదు, అవి వేరొకరి వాక్యాలని కొటేషన్ గుర్తులతో చూపాలి. ఈ మూడింటినీ కలిపి ‘పొరపాటున రిఫరెన్సులు మిస్సయ్యాయి’ అని రాస్తే, మూడోదాన్ని దాచినట్టే కమిటీ చూస్తుంది.

వివరణలో ఆ భాగం ఇలా ఉండొచ్చు: “12వ పేజీ రెండో పేరాలోని నాలుగు వాక్యాలు నావి కావు. చదివేటప్పుడు వాటిని నోట్సు ఫైల్లోకి కాపీ చేసుకున్నాను, ఎక్కడివో రాసుకోలేదు. రిపోర్టు రాసేటప్పుడు నా నోట్సే అనుకుని చేర్చాను. ఆ ఫైలు, డ్రాఫ్టుల పాత వెర్షన్లు జతపరిచాను.” తేదీలున్న డ్రాఫ్టులు లేకపోతే లేవనే రాయాలి. ఇప్పుడు కూర్చుని నోట్సు తయారుచేస్తే, అసలు లోపం కన్నా పెద్ద నేరం అవుతుంది. ఆరోగ్యం బాగోలేదనో గడువు తరుముకొచ్చిందనో నిజమే అయినా ఒక వాక్యం చాలు. పేజీ నిండా అదే రాస్తే అసలు ప్రశ్నకు జవాబు దొరకదు.

సాఫ్ట్‌వేర్ పట్టుకోనివీ ఉంటాయి. 14వ పేజీలోని వడపోత బొమ్మ ఒక పుస్తకంలోది. అక్షరాలను పోల్చే సాఫ్ట్‌వేర్‌కు అది కనిపించకపోవచ్చు. నోటీసులో లేకపోయినా దాన్ని కూడా అదే పట్టికలో చేర్చి, మూలం రాసి, సవరించిన పేజీలతో కలిపి ఇవ్వాలి. ప్రాజెక్టు నలుగురిదైతే ఎవరు ఏ అధ్యాయం రాశారో కూడా అందులోనే చెప్పాలి. మిగతా ముగ్గురి తరఫున మాత్రం తను సంతకం పెట్టకూడదు.