వెజ్ హలీమ్: మటన్ తీసేస్తే సరిపోదు, లెక్క కూడా మార్చాలి

రంజాన్‌లో హలీమ్ కోసం వచ్చే గుంపులో శాకాహారులు కూడా ఉంటారు. ఆఫీసు స్నేహితులు, పక్కింటి వాళ్లు, కాలేజీ పిల్లలు కలిసి వస్తే అందులో ఒకరిద్దరు మటన్ ముట్టరు. షాదీ దావత్‌లలోనూ ఇదే సంగతి. అందుకే చాలా హోటళ్లు, కేటరింగ్ వాళ్లు మెనూలో వెజ్ హలీమ్ చేర్చుతున్నారు. అయితే కొన్నిచోట్ల మటన్ తీసేసి ఆ జాగాలో క్యారెట్, బీన్స్, బఠాణీ వేస్తారు. దానిపై నెయ్యి, వేయించిన ఉల్లి చల్లి ఇచ్చేస్తారు. తినేవాడికి అది మసాలా కలిపిన గోధుమ జావలా అనిపిస్తుంది. రెండోసారి అడగడు.

ఒక చిన్న హోటల్ లెక్క తీసుకుందాం. ప్లేటుకు 300 గ్రాముల చొప్పున ఇరవై ప్లేట్లు. మటన్ హలీమ్ అయితే ఎముకతో మూడు కిలోల మటన్, కిలో గోధుమ రవ్వ, పావుకిలో పప్పులు, అరకిలో నెయ్యి పడతాయి. ఎముకలు పోగా మిగిలే మాంసం సుమారు రెండుంపావు కిలో అనుకుంటే, మొత్తం మీద ప్లేటుకు దాదాపు 30 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. మటన్ జాగాలో కూరగాయలు వేస్తే అది పది గ్రాముల దగ్గర ఆగిపోతుంది. రోజంతా రోజా ఉన్న మనిషికి ఇఫ్తార్ తర్వాత హలీమ్ కడుపు నింపేది గోధుమతో ఒక్కటే కాదు, ఆ మాంసంతో కూడా. వెజ్ ప్లేటులో ఆ బలం లేకపోతే అది హలీమ్ పేరు పెట్టుకున్న వేరే వంటకం.

పచ్చి పనస పీచు చూడటానికి మాంసంలా ఉంటుంది కాబట్టి చాలామంది మాస్టర్లు దాని వైపు చూస్తారు. రుచికి బాగుంటుంది, బిర్యానీలో ఇంకా బాగుంటుంది. కానీ వంద గ్రాముల పనసలో ప్రోటీన్ రెండు మూడు గ్రాములకు మించదు. హలీమ్‌కు పనికొచ్చేది మీల్ మేకర్. ఎండు మీల్ మేకర్ వంద గ్రాముల్లో దాదాపు సగం ప్రోటీనే. 600 గ్రాములు నానబెట్టి పిండితే కిలోన్నర పైనే అవుతుంది, అంటే మాంసం తూకానికి దగ్గరగా వస్తుంది. దీనికి పప్పులు పావుకిలో నుంచి అరకిలోకి పెంచి, 200 గ్రాముల జీడిపప్పు ముద్ద కలిపితే ప్లేటుకు 28 గ్రాముల ప్రోటీన్ తేలుతుంది. గోధుమలో తక్కువ పడే లైసిన్ సోయాలో, పప్పుల్లో ఉంటుంది. వాటిలో తక్కువగా ఉండేది గోధుమ ఇస్తుంది. అందుకే ఈ మూడూ కలిసే ఉండాలి.

మీల్ మేకర్‌ను జనం కాదనేది వాసన వల్లే. ఉప్పు నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, చల్లటి నీళ్లలో రెండుసార్లు కడిగి, ప్రతిసారీ గట్టిగా పిండాలి. తర్వాత నెయ్యిలో అల్లం వెల్లుల్లి, గరం మసాలాతో పచ్చి వాసన పోయేదాకా వేయించాలి. సగం ముక్కల్ని చేత్తో చీల్చి గోధుమతో పాటు వేసి ఘోట్నీతో బాగా రుబ్బాలి. మిగతా సగాన్ని దించే ముందు పావుగంటకు వేస్తే నోట్లో పీచు తగులుతుంది. అంతా మొదట్లోనే వేస్తే జావ అయిపోతుంది. పొడిలా దొరికే సోయా గ్రాన్యూల్స్ ఇక్కడ వాడొద్దు, ఇసుకలా తగులుతాయి.

మటన్ హలీమ్‌కు ఉండే జిగురు ఎముకల నుంచి, నరాల నుంచి వస్తుంది. వెజ్‌లో ఆ పని కొంత మినప్పప్పు చేస్తుంది, మిగతాది గోధుమను ఎంతసేపు రుబ్బారన్న దాని మీద ఉంటుంది. సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి గరిటెడు ప్లేటులో వేసి రెండు నిమిషాలు చూడాలి. అంచుల్లో నీళ్లు ఊరితే మీల్ మేకర్ సరిగా పిండలేదనో, గోధుమ ఇంకా రుబ్బాలనో అర్థం. యఖ్నీ లేని లోటుకు శనగలు ఉడికించిన నీళ్లు, బాగా ఎర్రగా వేయించిన ఉల్లి సాయం చేస్తాయి. ఉల్లి మటన్ హలీమ్ కంటే కొంచెం ఎక్కువే వేయాలి.

ఇక ధర. మటన్ కిలో 850 రూపాయలు అనుకుంటే మటన్ హలీమ్ సరుకుల ఖర్చు ప్లేటుకు 168 దాకా పడుతుంది. వెజ్‌లో మీల్ మేకర్‌కు 90, గోధుమకు 60, పప్పులకు 60, జీడిపప్పుకు 180, నెయ్యికి 325, ఉల్లి మసాలాలకు 480 వేసుకుంటే మొత్తం 1,195. అంటే ప్లేటుకు 60 రూపాయలు. ఇది చూసి ‘150కి అమ్మినా బాగా మిగులుతుంది’ అనిపిస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

వేరే దేగ్చీ, వేరే పొయ్యి, రుబ్బడానికి ఒక మనిషి. ఈ ఇరవై ప్లేట్లకు కూలీ, గ్యాస్ 1,100 అనుకుందాం. డబ్బాకు 12. ఇరవై ప్లేట్లూ అమ్ముడైతే ప్లేటు ఖర్చు 127. కానీ వెజ్ హలీమ్ గిరాకీ మటన్‌లా ఉండదు. పద్నాలుగు ప్లేట్లే అమ్ముడై ఆరు మిగిలితే, వాటి ఖర్చు కూడా ఆ పద్నాలుగు మీదే పడుతుంది. అప్పుడు సరుకులు 85, కూలీ గ్యాస్ 79, డబ్బా 12, కలిపి 176. అంటే 150కి అమ్మితే ప్రతి ప్లేటుకు 26 రూపాయల నష్టం. వండిన ప్లేట్లను బట్టి కాదు, అమ్ముడైన ప్లేట్లను బట్టి ధర కట్టాలి.

ధర పెంచే ముందు కూలీ తగ్గించే దారి ఒకటుంది. చాలాచోట్ల గోధుమ పప్పు విడిగా, మాంసం విడిగా ఉడికించి తర్వాత కలుపుతారు. మాంసం కలపకముందే ఆ గోధుమ పప్పు ముద్దలోంచి వెజ్ వాటా తీసి పక్కన పెట్టుకుంటే రుబ్బే శ్రమలో చాలా భాగం మిగులుతుంది. కూలీ, గ్యాస్ 1,100 నుంచి 600కి దిగితే అమ్ముడైన ప్లేటు ఖర్చు 140 అవుతుంది. 170 ధర పెడితే ముప్పై మిగులుతాయి.

దీనికి గట్టి షరతు ఉంది. కొందరు మాస్టర్లు గోధుమనే యఖ్నీలో ఉడికిస్తారు. అలాంటి వంటగదిలో ఈ పద్ధతి కుదరదు. గరిటె, ఘోట్నీ వేరుగా ఉండాలి. ఉల్లి వేయించిన నూనెలో ముందు కబాబ్‌లు వేగి ఉండకూడదు. ఎదుటివాడు మన మాట నమ్మి తింటున్నాడు, అది అమానత్. అలాగే మటన్ ఖర్చు తగ్గించుకోవడానికి మటన్ హలీమ్‌లో చెప్పకుండా మీల్ మేకర్ కలపడం కూడా మోసమే.

వీగన్ అడిగేవాళ్లకు నెయ్యి కూడా పనికిరాదు. నెయ్యి బదులు నూనె వాడితే ఇరవై ప్లేట్ల మీద 250 రూపాయల దాకా తగ్గుతుంది, కానీ హలీమ్ వాసన సగం నెయ్యిదే. జీడిపప్పు ముద్ద కొంత పెంచి, దించాక పుదీనా, నిమ్మ ఎక్కువగా వేస్తే కొంతవరకు సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. రోజుకు ఇద్దరు ముగ్గురు అడిగే చోట వీగన్‌కు వేరే దేగ్చీ పెట్టడం దండగ. వెజ్ హలీమ్‌నే నూనెతో వండి, నెయ్యి అడిగినవాళ్లకు ప్లేటులో పైన పోయడం తేలిక. మెనూలో మాత్రం గోధుమ, సోయా, జీడిపప్పు ఉన్నాయని రాయాలి. ఈ మూడూ కొందరికి పడవు.