రెండు కొసైన్లతో ఒక దూకుడు

కాలిక్యులేటర్‌ను రేడియన్లలో ఉంచి, 0.7తో మొదలుపెట్టి కొసైన్ మీట నొక్కుతూ పోతే అంకె చివరికి 0.7390851 దగ్గర నిలుస్తుంది. అదే స్థిర బిందువు. కానీ నొక్కిన ప్రతిసారీ తప్పు మూడింట ఒక వంతే తగ్గుతుంది. ఏడెనిమిది దశాంశాలు సరిపోవాలంటే నలభై సార్లు నొక్కాలి.

డెన్మార్క్ గణితవేత్త స్టెఫెన్‌సెన్ 1933లో చూపిన దారి వేరు. వరుసగా మూడు విలువలు తీసుకోండి: 0.7, 0.7648422, 0.7214916. మొదటి అడుగు 0.0648422, రెండోది −0.0433506. రెండో అడుగులోంచి మొదటిదాన్ని తీసేస్తే −0.1081928. మొదటి అడుగు వర్గాన్ని దీనితో భాగించి, వచ్చినదాన్ని 0.7లోంచి తీసేస్తే 0.7388613. తప్పు 0.0391 నుంచి 0.0002కు పడిపోయింది! అక్కడి నుంచి మరోసారి చేస్తే తప్పు ఎనిమిదో దశాంశం దాటిపోతుంది. మొత్తం నాలుగే కొసైన్లు. అవకలనం అక్కర్లేదు, వాలును ఆ రెండు అడుగులే అంచనా కట్టిపెడతాయి. తప్పు వర్గంలా కుంచించుకుపోవడమంటే ఇదే.

అయితే స్థిర బిందువు దగ్గర వాలు సరిగ్గా 1 అయితే ఈ వేగం పోతుంది. సైన్‌కు సున్నా దగ్గర అదే జరుగుతుంది: తప్పు ప్రతిసారీ మూడింట రెండు వంతులు మిగులుతుంది. ఆరంభం మరీ దూరమైనా భరోసా లేదు. జవాబుకు బాగా చేరువయ్యాక హారం దాదాపు సున్నా అవుతుంది, అంకెలు చెదురుతాయి. అడుగులు అతి చిన్నవి కాగానే ఆపేయాలి.