ఫొటో చెప్పని మాట: డేటింగ్ యాప్‌లో మీ గురించి ఏం రాయాలి?

డేటింగ్ యాప్‌లో ముందు కళ్లు పడేది ఫొటో మీదే. అయితే ఫొటో నచ్చాక అవతలి మనిషికి ఒక ఇబ్బంది వస్తుంది: మాట ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ దారి చూపించేవి మనం రాసుకునే నాలుగు వాక్యాలే. హింజ్ యాప్‌నే తీసుకోండి. అందులో యాప్ ఇచ్చే ప్రశ్నల్లోంచి మూడు ఎంచుకుని జవాబులు రాయాలి. ఒక్కోదానికి 150 అక్షరాలకు మించి చోటు ఉండదు. చూసేవాళ్లు ఫొటోను గానీ, ఒక జవాబును గానీ పట్టుకుని దాని మీదే వ్యాఖ్య పంపవచ్చు. అంటే ప్రతి జవాబూ ఎదుటివారు అందుకుని మాట కలిపేలా ఉండాలి.

ఖమ్మం నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఇరవై ఎనిమిదేళ్ల యువకుణ్ణి ఊహించుకుందాం. అతను మొదట ఇలా రాశాడు: “ట్రావెల్, సినిమాలు, ఫుడ్ ఇష్టం. సరదా మనిషిని. ఫ్యామిలీ అంటే ప్రాణం.” ఇందులో తప్పేమీ లేదు. కానీ అతని పేరు తీసేసి పక్క బెంచీలో కూర్చునే స్నేహితుడి పేరు పెట్టినా సరిపోతుంది. చదివిన అమ్మాయికి అడగడానికి ఏమీ దొరకదు.

ఇలాంటి వాక్యాన్ని బాగుచేయడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి మాటనూ “ఎప్పుడు? ఎక్కడ?” అని అడగాలి. ట్రావెల్ ఇష్టమా, చివరిసారి ఎక్కడికి వెళ్లావు? రెండేళ్ల కిందట గోవా, ఆ తర్వాత పండగలకు ఖమ్మం. అయితే ఆ మాట తీసేయడమే నిజాయితీ. మరి సెలవు రోజు నిజంగా ఏం చేస్తావు? అక్కడ అసలు మనిషి బయటపడ్డాడు. Typical Sunday అనే ప్రశ్నకు అతని కొత్త జవాబు ఇది: “పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వేట. మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేసి పప్పుచారు. ఉప్పెంత అంటే ఇప్పటికీ ‘తగినంత’ అనే అంటుంది.” ‘ఫ్యామిలీ అంటే ప్రాణం’ అని వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. పుస్తకాల గురించి అడగవచ్చు, పప్పుచారు గురించి అడగవచ్చు.

మూడు జవాబులూ ఒకే పని చేయకూడదు. మొదటిది రోజువారీ జీవితం చూపిస్తే, రెండోది స్వభావం చెప్పాలి. ‘సరదా మనిషిని’ అన్న మాటను అతని స్నేహితులే ఒప్పుకోలేదు. దాని బదులు ఇలా రాశాడు: “కొత్తవాళ్ల మధ్య మొదటి అరగంట వింటూ కూర్చుంటాను. అలవాటయ్యాక నన్ను ఆపడం కష్టం.” మొదటిసారి కలిసినప్పుడు అతను మౌనంగా ఉంటే, ఎదుటి అమ్మాయి దాన్ని అయిష్టం అనుకోదు.

మూడోది ఏం కోరుకుంటున్నాడో చెప్పాలి. చాలామంది తడబడేది ఇక్కడే. పెళ్లి మాట ఎత్తితే బెదిరిపోతారేమోనని దాచేస్తారు, లేదా “టైంపాస్ వాళ్లు వద్దు, అబద్ధాలు చెప్పేవాళ్లు వద్దు” అని నిషేధాల జాబితా పెడతారు. అలాంటి జాబితా చదివితే ఎవరి మీదో కోపం కనిపిస్తుంది గానీ మనిషి కనిపించడు. అదే కోరికను నిలువుగా చెప్పవచ్చు: “రెండేళ్లలో పెళ్లి చేసుకోవాలని ఉంది. ముందు మనిద్దరం బాగా తెలుసుకుని, ఆ తర్వాతే ఇళ్లలో చెబుదాం. కుదరకపోతే కుదరలేదని చెప్పుకుందాం.” దీంతో కొందరు తప్పుకుంటారు. తప్పుకోవాల్సినవాళ్లే తప్పుకుంటారు కాబట్టి అది నష్టం కాదు.

వివరం ఇవ్వడానికీ హద్దు ఉంది. అబిడ్స్ అనవచ్చు, ఎందుకంటే ఆదివారం ఆ పుస్తకాల బజారుకు ఎందరో వస్తారు. ఆఫీసు పేరు, ఉండే హాస్టల్, రోజూ వెళ్లే జిమ్, ఫోన్ నంబరు మాత్రం రాయకూడదు. అపరిచితులు మిమ్మల్ని వెతుక్కుంటూ రాగల సమాచారమేదీ అక్కడ ఉండకూడదు.

రాశాక ఒక్కో వాక్యం మీద రెండు ప్రశ్నలు వేసుకోండి. “ఈమధ్య ఏ పుస్తకం దొరికింది? ఎందుకు కొన్నావు?” అంటే వెంటనే చెప్పగలిగితే ఆ వాక్యం నిజం. తడుముకోవాల్సి వస్తే అది గొప్ప కోసం రాసింది. తీసేయండి.

జవాబులు పనిచేస్తున్నాయో లేదో వచ్చే సందేశాలను బట్టి తెలుస్తుంది. లైకుల సంఖ్య ఎక్కువగా ఫొటోల మీద ఆధారపడుతుంది, దాన్ని మాటలు పెద్దగా మార్చలేవు. వట్టి ‘హాయ్’లు తగ్గి, మీరు రాసినదాన్ని పట్టుకుని అడిగేవాళ్లు పెరిగితే సరైన దారిలో ఉన్నట్టు. రెండు మూడు వారాలైనా ఒక జవాబును ఎవరూ పట్టించుకోకపోతే అదొక్కటే మార్చండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.