స్కాన్ మధ్యలో మారిపోయే సంకేతం

సీసాలు నింపే లైన్‌లో మూత లేని సీసాను పక్కకు నెట్టాలి. ఏది ఎప్పుడు కదలాలో చెప్పే చిన్న కంప్యూటరే పీఎల్‌సీ. అలెన్ బ్రాడ్లీ వారి పాత ఎస్ఎల్‌సీ 500 తీసేసి కాంపాక్ట్‌లాజిక్స్ పెట్టారనుకుందాం. ప్రోగ్రామును కొత్త రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది. అనుమానం వచ్చిన చోటల్లా అది `PCE` అని గుర్తు పెడుతుంది.

ఉదాహరణకు పాత యంత్రంలో `S:4` అనే గడియారం తనంతట తానే తిరుగుతూ ఉండేది. హెచ్చరిక దీపం మినుకుమినుకుమనడానికి చాలామంది `S:4/6` వాడుకునేవారు. అది 640 మిల్లీసెకన్లు వెలిగి, అంతసేపే ఆరుతుంది. కొత్తదానిలో ఆ గడియారం లేదు, టైమర్లతో మనమే కట్టుకోవాలి. ఇలాంటి లోటు కంటికి కనబడుతుంది కాబట్టి నాకు దాని గురించి పెద్ద భయం లేదు.

భయమంతా గుర్తు పడని చోట్లే. పాత టైమర్‌లో 0.01 సెకను లెక్కన 200 అంటే రెండు సెకన్లు. కొత్త టైమర్ మిల్లీసెకన్లలోనే లెక్కిస్తుంది కాబట్టి అక్కడ 2000 ఉండాలి. టైమర్‌లో రాసి ఉన్న అంకె సరిగానే మారవచ్చు. కానీ ఆపరేటర్ తన స్క్రీన్ మీద అలవాటుగా 200 కొడితే, వాల్వు 0.2 సెకనుకే మూసుకుంటుంది. అందుకే టైమర్‌లోకి అంకెలు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో ఒక్కొక్కటీ వెతికి చూడాలి.

ఇంతకన్నా లోతైన తేడా ఇన్‌పుట్లలో ఉంది. పాతది ముందు ఇన్‌పుట్లన్నీ చదివి, ఆ తరువాతే ప్రోగ్రామును పైనుంచి కిందికి నడిపేది. ఆ చుట్టునే స్కాన్ అంటారు. స్కాన్ ముగిసేదాకా చదివిన విలువ మారదు. కొత్తదానిలో ఇన్‌పుట్లు తమ వేళకు తాము వచ్చి చేరుతుంటాయి, ప్రోగ్రాము ఎక్కడ ఉందో వాటికి పట్టదు.

మూత ఉంటే `Good`, లేకపోతే `Reject` అని రెండు వరుసలు ఉన్నాయనుకోండి. మొదటి వరుస చూసినప్పుడు సెన్సర్ 'లేదు' అంది. రెండో వరుసకు వచ్చేలోపు 'ఉంది' అయింది. ఆ సీసా మంచిదాని కిందా రాదు, చెడ్డదాని కిందా రాదు. సంకేతం అటునుంచి ఇటు మారితే రెండింటి కిందా పడుతుంది.

దీనికి మందు, స్కాన్ మొదట్లోనే ఇన్‌పుట్లను పక్కన రాసిపెట్టుకుని, తరువాత అంతా ఆ నకలునే చూడటం:

```
MOV(Local:1:I.Data,In_Buf)
XIC(Trig)XIC(In_Buf.3)OTE(Good)
XIC(Trig)XIO(In_Buf.3)OTE(Reject)
```

`Trig` అంటే సీసా సెన్సర్ ముందుకు వచ్చినప్పుడు ఒక్క స్కాన్ పాటు నిలిచే గుర్తు.

ఈ తప్పు ఎప్పుడో ఒకసారి గానీ బయటపడదు, కాబట్టి పది నిమిషాల ట్రయల్‌లో దొరకదు. వచ్చిన సీసాలకు ఒక కౌంటర్, మంచివాటికి ఒకటి, నెట్టేసినవాటికి ఒకటి పెట్టి, పూర్తి షిఫ్టు నడపాలి. చివరి రెండూ కలిపితే మొదటిదానికి సమానం కావాలి. ఒక్క సీసా తేడా వచ్చినా, నకలును కాకుండా నేరుగా ఇన్‌పుట్‌నే చూస్తున్న వరుస ఇంకా ఎక్కడైనా మిగిలిందేమోనని ముందుగా వెతకాలి.