కిలో ఆవకాయ ఎంతకు పడుతుంది?

ఒక ఇల్లాలు ఆవకాయ పెట్టి అమ్ముదామనుకుంటున్నానని చెప్పగానే పదిమందీ అనే మాటలు దాదాపు ఒకటే. ‘నీ చేతి పచ్చడికి తిరుగేముంది’, ‘ఏం కావాలన్నా అడుగు’. రెండూ మనస్ఫూర్తిగా అనేవే. కానీ ఆ రెండో మాటతోనే చిక్కు. ఏం అడగాలో మొదటిసారి వ్యాపారం చేసేవాళ్లకు తెలియదు, తెలిసినా అడగడానికి మొహమాటం.

అదే చోట చిన్ననాటి స్నేహితురాలొకరు ఇలా అందనుకుందాం: ‘చాలా సంతోషమే. ఆదివారం పొద్దున్నే కాటా పట్టుకుని మీ ఇంటికొస్తా. నువ్వు పచ్చడి కలుపుతుంటే పక్కన కూర్చుని, కిలో ఎంతకు పడుతోందో లెక్క రాసిపెడతా. రుచి జోలికి మాత్రం రాను.’ ఈ మాటలో పని ఉంది, రోజు ఉంది, హద్దు కూడా ఉంది. ఒప్పుకోవడం తేలిక, వద్దనడమూ తేలిక.

ఇంటి వంటలో చేయి తిరిగినవాళ్లు కొలతలు గిన్నెలతో వేస్తారు. కాటాతో పెద్దగా పని పడదు. అందుకే ఈ సాయం చిన్నదిగా కనిపించినా, చాలామందికి మొదట కావాల్సింది ఇదే.

ఆ ఆదివారం లెక్క ఎలా సాగుతుందో చూద్దాం. ధరలు ఊరినిబట్టి, సీజన్‌నిబట్టి మారతాయి కాబట్టి ఇవి నమూనాకే. పది కిలోల ముక్కలు రావాలంటే పదమూడు కిలోల కాయలు కొనాలి. జీడి, తొడిమ, పనికిరాని ముక్కలు పోతాయి మరి. కాయ కిలో 40 రూపాయలైతే 520, కొట్టించినందుకు మరో 125. రెండేసి కిలోల కారం, ఆవపిండి, కిలోన్నర ఉప్పు, మూడున్నర కిలోల నువ్వుల నూనె, కాసిని మెంతులు, వెల్లుల్లి కలిపి 2,585. మొత్తం 3,230 రూపాయలు. తయారైన పచ్చడి సుమారు 19 కిలోలు. అంటే కిలో 170.

చాలా ఇళ్లలో లెక్క ఇక్కడే ఆగిపోతుంది. 170 పడింది, 350కి అమ్మితే రెట్టింపు లాభమనిపిస్తుంది. కానీ కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, కలిపి, సీసాలకెత్తడానికి ఇద్దరు ఆడవాళ్లకు రెండేసి రోజులు పట్టింది. ఆ పనికి ఇంకొకరిని పెట్టుకుంటే రోజుకు 500 ఇవ్వాలి కదా! ఇంట్లో మనిషి చేసినా ఆ 2,000 వేసుకోవాల్సిందే. దాంతో కిలోకు మరో 105. సీసా, మూత, లేబుల్‌కు 35. సీసా చేతికొచ్చేసరికి 310 అయింది. ఇక పార్శిల్. కిలో పచ్చడి గాజు సీసాలో, అట్టపెట్టెలో కిలోన్నర దాటవచ్చు, కొరియర్ డబ్బు ఆ మొత్తం బరువుకే. పెట్టెతో కలిపి 90 అనుకుంటే 400. ‘కొరియర్ మాదే’ అని 350కి పంపితే ప్రతి సీసాకూ 50 రూపాయలు చేతినుంచి పోతున్నట్టే. ఆర్డర్లు పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది, అయినా రోజూ చేతిలో డబ్బు ఆడుతుండడంతో అది కంటపడదు.

దారి లేకపోలేదు. కొరియర్ వేరుగా తీసుకోవచ్చు. రెండు సీసాలు ఒకే పెట్టెలో పంపొచ్చు. ధరే పెంచొచ్చు. ఏది చేయాలో తేల్చాల్సింది ఆ ఇల్లాలే. స్నేహితురాలి పని కాగితం చేతికివ్వడంతో సరి. ధర కూడా తనే చెప్పబోతే అక్కడ మాటపట్టింపులు మొదలవుతాయి.

ఇలాంటి సాయం కొత్తదేమీ కాదు. 1959లో ముంబయి గిర్గావ్‌లో ఏడుగురు మహిళలు అప్పడాలు చేసి అమ్మడం మొదలుపెట్టినప్పుడు, ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ అనే సామాజిక కార్యకర్త వాళ్లకు 80 రూపాయలు అప్పుగా ఇచ్చారు. విరాళంగా కాదు. మొదటి రోజు అమ్మింది నాలుగు పొట్లాలే. చవకరకం, మంచిరకం అని రెండు వద్దు, ఒకే నాణ్యతలో చేయండి, లెక్కలు సరిగా రాయండి అన్నది ఆయన సలహా. ఆ బృందమే లిజ్జత్ పాపడ్. ఎనభై రూపాయలు ఎక్కడైనా దొరికేవేమో కానీ, లెక్కల పుస్తకం తెరవమని చెప్పే మనిషి అంత సులువుగా దొరకడు.

మళ్లీ ఆవకాయ దగ్గరికి వస్తే, ఆదివారంతో ఆ లెక్క పూర్తికాదు. మూడో రోజు జాడీ తిరగ కలిపి రుచి చూస్తారు. ఉప్పు చాలలేదని గుప్పెడు, పైకి నూనె తేలలేదని అరకిలో చేరతాయి. నువ్వుల నూనె అరకిలో అంటే నమూనా ధరలో 175 రూపాయలు. కాబట్టి బుధవారం సాయంత్రం కూడా కాటా పట్టుకుని వెళ్లాలి. ముక్కల్లో తడి ఉండి బూజు పట్టి పారబోసింది ఉంటే అదీ రాయాలి. మిర్చి ధర మారిన ప్రతిసారీ ఆ కాగితంలో కారం వరుస దిద్దుకోవడం ఇల్లాలికి నేర్పేస్తే, ఆపై స్నేహితురాలు పచ్చడి కొనడానికే రావచ్చు. పూర్తి ధరకే కొనాలి సుమా!