గుండుకు వెనక్కి తిప్పుడు

జపాన్‌లో పుట్టిన ఆట ఎయిర్‌సాఫ్ట్. అక్కడి చట్టం ప్రకారం 6 మి.మీ. ప్లాస్టిక్ గుండుకు తుపాకీ ఇచ్చే శక్తి 0.98 జౌళ్లు దాటకూడదు. అంటే 0.2 గ్రాముల గుండు వేగం సెకనుకు దాదాపు 99 మీటర్లు. వినడానికి చాలా వేగమే! కానీ అంత తేలికైన గుండును గాలి ఇట్టే ఆపేస్తుంది. భుజం ఎత్తు నుంచి నేరుగా పేలిస్తే సుమారు 30 మీటర్లలోనే నేలను తాకుతుంది.

వేగం పెంచే వీల్లేదు కాబట్టి గుండును తిప్పారు. గొట్టం మొదట్లో, పైభాగాన చిన్న రబ్బరు బొడిపె కిందికి పొడుచుకొని ఉంటుంది. దాన్నే హాప్-అప్ అంటారు. దూసుకొచ్చే గుండు పైభాగం రబ్బరుకు రాసుకుని వెనకబడుతుంది, అడుగుభాగం ముందుకు సాగుతుంది. దాంతో గుండు వెనక్కి తిరుగుతూ బయటపడుతుంది. ఆ తిప్పుడు తన చుట్టూ ఉన్న గాలిని కిందికి మళ్లిస్తుంది, ఆ గాలి గుండును పైకి నెడుతుంది. ఇదే మాగ్నస్ ప్రభావం.

ఆ నెట్టుడు గుండు బరువుకు సరితూగితే చాలాదూరం తిన్నగా పోతుంది. బొడిపెను ఎక్కువ నొక్కితే మధ్యలో పైకి లేచి, వేగం తగ్గాక కూలబడుతుంది. తక్కువైతే ముందే వాలిపోతుంది. 0.25 గ్రాముల గుండు వేస్తే మళ్లీ కాస్త బిగించాలి.

గుండ్లు అదేపనిగా ఒకే పక్కకు వంగుతున్నాయా? రబ్బరు పక్కకు ఒరిగిందేమో చూడాలి. రబ్బరుకు సిలికాన్ నూనె అంటినా పట్టు జారి, తిప్పుడు పోతుంది.