ఇద్దరికి రెండో ర్యాంకు వస్తే తర్వాతిది మూడా, నాలుగా?

పదో తరగతిలో ఒక సెక్షన్ అనుకుందాం. పిల్లలు పది మందే. త్రైమాసిక పరీక్షల్లో 600కి వాళ్లకు వచ్చిన మార్కులు పైనుంచి కిందికి ఇవి: 571, 564, 564, 558, 551, 551, 551, 543, 540, 532. క్లాస్ టీచర్ ప్రోగ్రెస్ కార్డుల మీద ర్యాంకులు రాయాలి. 571కి ఒకటో ర్యాంకు, 564 వచ్చిన ఇద్దరికీ రెండో ర్యాంకు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. 558 వచ్చిన అమ్మాయి దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఆమెది మూడో ర్యాంకా, నాలుగో ర్యాంకా?

రెండు పద్ధతులూ మన బళ్లలో నడుస్తున్నాయి. కొందరు టీచర్లు 1, 2, 2, 4 అని రాస్తారు. ఇద్దరు కలిసి రెండో స్థానంలో ఉన్నారు కాబట్టి మూడు ఖాళీగా వదిలేస్తారు. ఇంకొందరు 1, 2, 2, 3 అని వరసగా రాస్తారు. మధ్యలో అంకె ఎగిరిపోతే తల్లిదండ్రులు వచ్చి మూడో ర్యాంకు ఏమైందని అడుగుతారని వాళ్ల ఇబ్బంది. రెండింట్లోనూ లెక్క తప్పు లేదు. అయితే అవి చెప్పేది ఒకే విషయం కాదు.

మొదటి పద్ధతిలో ర్యాంకు అంటే నాకంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు ఎంతమంది, దానికి ఒకటి కలపాలి. 558 వచ్చిన అమ్మాయికి పైన ముగ్గురున్నారు, కాబట్టి ఆమె నాలుగు. రెండో పద్ధతిలో లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, మార్కుల మెట్లని. ఆమె పైన 571, 564 అని రెండే మెట్లున్నాయి, కాబట్టి ఆమె మూడు. పై వరసల్లో ఈ తేడా చిన్నగానే కనిపిస్తుంది. కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది. 543 వచ్చిన పిల్లవాడి పైన ఏడుగురున్నారు. ఖాళీలు వదిలితే అతనిది ఎనిమిదో ర్యాంకు, వరసగా రాస్తే ఐదో ర్యాంకు. ఇక 532తో అందరికంటే చివర ఉన్న పిల్లవాడికి రెండో పద్ధతిలో ఏడో ర్యాంకు వస్తుంది. పది మందిలో ఏడో ర్యాంకు అని కార్డులో చూసిన తండ్రి, తన కొడుకు వెనక ఇంకో ముగ్గురున్నారనే అనుకుంటాడు. నిజానికి ఒక్కరూ లేరు.

ఇంతకంటే పెద్ద చిక్కు అర్ధ సంవత్సర పరీక్షల్లో బయటపడుతుంది. అదే 543 పిల్లవాడికి ఈసారి 547 వచ్చాయి, నాలుగు మార్కులు పెరిగాడు. పైనున్న ఏడుగురికి 574, 569, 566, 560, 555, 553, 550. ఈసారి ఏ ఇద్దరివీ సమానం కాలేదు. అంటే అప్పుడూ అతని పైన ఏడుగురే, ఇప్పుడూ ఏడుగురే. ఖాళీలు వదిలే పద్ధతిలో రెండుసార్లూ ఎనిమిదో ర్యాంకే. వరస పద్ధతిలో మాత్రం ఐదు నుంచి ఎనిమిదికి పడిపోయాడు! చదువులో వెనకబడ్డావని ఇంట్లో మందలింపు మొదలవుతుంది. పడిపోయింది పిల్లవాడు కాదు, పైనున్నవాళ్ల సమానాలు విడిపోయాయి, అంతే. తన తప్పు ఏదీ లేకుండా, ఎవరికెవరితో మార్కులు సమానమయ్యాయన్న దాన్నిబట్టి ఒక పిల్లవాడి ర్యాంకు మారిపోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. అందుకే ప్రోగ్రెస్ కార్డు మీద ఖాళీలు వదిలే ర్యాంకే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

చిన్న పరీక్షల్లో ఇది మరీ శ్రుతి మించుతుంది. 25 మార్కుల యూనిట్ టెస్టు పెట్టారనుకోండి. అర మార్కులు లేకపోతే సున్నా నుంచి 25 వరకు ఉన్నవి 26 మెట్లే. క్లాసులో నలభై మంది ఉంటే సమానాలు రాక తప్పదు. వరస పద్ధతిలో ఆ క్లాసులో 26ని మించిన ర్యాంకే ఉండదు. మామూలుగా అందరి మార్కులూ 12కీ 24కీ మధ్య ఉంటాయి కాబట్టి చివరి పిల్లవాడికి పదమూడో ర్యాంకు లోపే వస్తుంది.

ఖాళీలు వదిలే పద్ధతిని చాలామంది ఎరిగిన ఉదాహరణ 2024 నీట్ ఫలితాల్లో ఉంది. జూన్ 4న ఇచ్చిన మొదటి జాబితాలో 720కి 720 తెచ్చుకున్న 67 మందికీ ఒకటో ర్యాంకు ఇచ్చారు. 719 మార్కులకు ఇచ్చిన ర్యాంకు రెండు కాదు, 68. ఆ జాబితా మీద పెద్ద వివాదం నడిచి, సవరణల తర్వాత ఒకటో ర్యాంకు వాళ్లు 17 మంది మిగిలారు. ఆ వివాదం వేరే సంగతి. ర్యాంకు లెక్క వరకు మాత్రం 68 అనడమే సరైన పని. వైద్య సీటు కోసం చూసేవాళ్లకు తమ ముందు ఎంతమంది ఉన్నారో తెలియాలి, ఎన్ని మెట్లున్నాయో కాదు.

ఇక మూడో పద్ధతి, మార్కులు సమానమైనా ఒక్కొక్కరికీ వేరే ర్యాంకు ఇవ్వడం: 1, 2, 3, 4. మాట వరసకు జిల్లా స్థాయి పోటీకి మన సెక్షన్ నుంచి ఆరుగురినే పంపాలన్నారు. 551 వచ్చినవాళ్లు ముగ్గురు, ముగ్గురిదీ ఐదో ర్యాంకే. అందరినీ తీసుకుంటే ఏడుగురవుతారు. ఎవరో ఒకరు ఆగాలి. అప్పుడు మొత్తం మార్కులు కాకుండా ఇంకో కొలమానం కావాలి. ముందు గణితం, అదీ సమానమైతే సైన్స్ చూస్తామని నియమం పెట్టుకున్నారనుకుందాం. ముగ్గురి గణితం మార్కులు 96, 93, 93. మొదటి పిల్ల ఐదో స్థానంలో నిలుస్తుంది. మిగతా ఇద్దరి సైన్స్ మార్కులు 94, 91. 94 వచ్చినవాడు ఆరు, 91 వచ్చినవాడు ఏడు. ఏడో పిల్లవాడు పోటీకి వెళ్లడు, కానీ అతని ప్రోగ్రెస్ కార్డు మీద ఐదే ఉండాలి. ఎంపిక జాబితా వేరు, కార్డు మీది ర్యాంకు వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే బళ్లలో సగం తగాదాలు వస్తాయి.

ఆ నియమం దేన్ని చూడాలన్నది కూడా తేలిక విషయం కాదు. 2020 నీట్‌లో ఇద్దరికి 720కి 720 వచ్చాయి. వయసు నియమం ప్రకారం పెద్దవాడైన ఒడిశా అబ్బాయికి ఒకటో ర్యాంకు, ఢిల్లీలో చదివిన అమ్మాయికి రెండో ర్యాంకు దక్కాయి. ఒక్క మార్కు కూడా పోగొట్టుకోని అమ్మాయి పుట్టిన తేదీ వల్ల రెండో స్థానంలో నిలవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది వయసు నియమం తీసేశారు. 2021లో 720 తెచ్చుకున్న ముగ్గురూ ఒకటో ర్యాంకును పంచుకున్నారు. వాళ్లలో ఒకరు తెలంగాణ విద్యార్థి. 2022లో నలుగురికి 715 వచ్చాయి, కానీ వాళ్లకు వరసగా ఒకటి నుంచి నాలుగు ర్యాంకులు ఇచ్చారు.  ఈసారి ముందు జీవశాస్త్రం మార్కులతో మొదలుపెట్టి పరీక్షలోని కొలమానాలు చూశారు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లోనూ అంతే. ముందు నెగెటివ్ కోత లేని మార్కులు, తర్వాత గణితం, తర్వాత భౌతికశాస్త్రం చూస్తారు. అప్పటికీ తేలకపోతే అదే ర్యాంకు ఇచ్చేస్తారు. నాకు నచ్చే పద్ధతి ఇదే. పరీక్షలో కనిపించిన తేడాతో విడదీయాలి, అది లేకపోతే విడదీయకూడదు.

మన బళ్లలో చాలా చోట్ల ఈ విడదీయడం ఎవరికీ తెలియకుండానే జరిగిపోతోంది. టీచర్ ఎక్సెల్‌లో మార్కులను పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేసి, పక్క గడిలో 1, 2 రాసి కిందికి లాగుతారు. సమాన మార్కులున్నవాళ్లు సార్ట్‌కి ముందు ఏ వరసలో ఉన్నారో ఆ వరసలోనే ఉండిపోతారు. హాజరు పట్టీ ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంటుంది, పేరుకు ముందు ఇంటిపేరు అక్షరం ఉంటుంది. కాబట్టి ఆకుల వారి అమ్మాయికి రెండో ర్యాంకు, యలమంచిలి వారి అబ్బాయికి మూడో ర్యాంకు వస్తాయి. మార్కులు ఇద్దరివీ 564. ఇంటిపేరు బట్టి ర్యాంకు వేయాలని ఎవరూ నిర్ణయించలేదు. అయినా ప్రతి పరీక్షలోనూ లాభపడేది వాళ్లే, నష్టపోయేదీ వాళ్లే.

దీన్ని తప్పించడానికి ఒక్క సూత్రం చాలు. మార్కులు C2 నుంచి C11 దాకా ఉంటే D2లో ఇది రాసి కిందికి లాగండి:

```
=RANK.EQ(C2,$C$2:$C$11,0)
```

సార్ట్ చేయనక్కర్లేకుండానే 1, 2, 2, 4, 5, 5, 5, 8, 9, 10 వస్తాయి. డాలర్ గుర్తులు మరచిపోతే మాత్రం కిందికి లాగేకొద్దీ జాబితా కూడా కిందికి జరిగిపోయి, చివరి పిల్లవాడికి ఒకటో ర్యాంకు చూపిస్తుంది. పరీక్ష రాయని పిల్లల గడిని ఖాళీగా వదలండి. సున్నా వేస్తే వాళ్లూ ర్యాంకుల్లోకి వచ్చేస్తారు. శాతాల మీద ర్యాంకు వేసేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. తెర మీద ఇద్దరికీ 92 కనిపించినా లోపల ఒకరిది 92.33, ఇంకొకరిది 91.83 కావచ్చు. ఎక్సెల్ లోపలి అంకెనే చూస్తుంది. కార్డు మీద ఇద్దరికీ 92 అని అచ్చయి ర్యాంకులు మాత్రం వేరుగా ఉంటే తల్లిదండ్రులు అడగడం న్యాయమే. కాబట్టి శాతాలు కాకుండా అసలు మొత్తం మార్కుల మీదే ర్యాంకు వేయడం మంచిది.

బహుమతుల దగ్గర మాత్రం వరస పద్ధతికి చోటుంది. మొదటి మూడు మెట్ల మీద ఉన్నవాళ్లందరికీ బహుమతి ఇస్తామని బడి ముందే చెబితే 558 అమ్మాయికీ బహుమతి అందుతుంది. ఆ సంతోషాన్ని కాదనడానికి కారణమేమీ లేదు. ఎన్ని బహుమతులు కొనాలన్నది మాత్రం ఫలితాలు వచ్చాకే తెలుస్తుంది.

ప్రధానోపాధ్యాయులకు, క్లాస్ టీచర్లకు నా విన్నపం ఇది. వచ్చే పరీక్షల ప్రోగ్రెస్ కార్డులో ర్యాంకు గడి కింద ఒక వాక్యం అచ్చు వేయించండి: 'సమాన మార్కులకు సమాన ర్యాంకు, మీ కంటే ఎక్కువ మార్కులు వచ్చినవారి సంఖ్యకు ఒకటి కలిపితే మీ ర్యాంకు.' దాని పక్కనే పరీక్ష రాసినవాళ్లు ఎంతమందో కూడా వేయండి.